ఒక్క స్టాల్ అడిగినందుకు

స్కూలు వార్షికోత్సవంలో నా కుట్టు కొట్టు పేరుతో స్టాల్ పెట్టుకుంటానని, స్పాన్సర్ రుసుము కడతానని ఉత్తరం రాసి, ఏర్పాట్లు చూసే టీచరమ్మకిచ్చాను. ఏటా పిల్లల డాన్సు బట్టలు ఊరికే కుట్టిపెట్టే దర్జీని, కాదనదులే అనుకున్నాను.

"ఏమనుకోకమ్మా, ఒక్కో వ్యాపారానికి ఒక్కరే స్పాన్సర్. బట్టలకి పెద్ద షోరూమ్ వాళ్లతో ఒప్పందం అయిపోయింది. ఇంకో బట్టల కొట్టు పేరు అక్కడ కనపడకూడదట," అంది.

సరేనని లేచాను. ఆవిడ నా చేతిలో ఓ సంచి పెట్టింది.

"డాన్సు బట్టలు ఎప్పట్లాగే నువ్వే కుట్టాలి తల్లీ. కాకపోతే ఈసారి ఒక్కోదానికీ వెనకాల ఇవి అతకాలి."

సంచి నిండా షోరూమ్ పేరున్న పట్టీలు. సంచి ఆవిడ మొహాన కొట్టేదాన్నే, కానీ మా అమ్మాయి కూడా ఆ డాన్సులో ఉంది.

మొదటి పట్టీ దాని గౌను మీదే కుట్టాను.