ఆగనా, మాస్టారూ?

మా అత్తయ్య కారు నేర్చుకుంటానని ప్రకటించిన రోజు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మా ఆయన మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఆ దగ్గుకి జవాబుగా అత్తయ్య నన్ను కూడా డ్రైవింగ్ స్కూల్లో చేర్పించేసింది. "తోడుకి" అంది. తోడు ఆవిడకా నాకా అన్నది ఇప్పటికీ తేలలేదు.

స్కూలంటే ఒక గది, ఒక కారు, ఒక మాస్టారు. పక్కసీట్లో కూర్చునే మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. మనిషి మంచివాడే, గొంతే కాస్త పెద్దది. ఎంత మొద్దు శిష్యుడినైనా ఓపిగ్గా భరించే ఆయన, అత్తయ్య దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. ఎందుకంటే అత్తయ్య ఆగిపోతుంది. ప్లాస్టిక్ కవరు గాలికి ఎగిరితే ఆగుతుంది. పావురం వాలితే ఆగుతుంది. రోడ్డు దాటాలా వద్దా అని ఇంకా ఆలోచనలోనే ఉన్న మనిషిని చూసి ఆగి, చెయ్యూపి, ఆయనకి ఇష్టం లేకపోయినా దాటిస్తుంది. వెనక హారన్లు మోగిపోతుంటే, "పాపం, వీళ్ళందరికీ ఏం తొందరో" అని జాలిపడుతుంది.

చివరికి మాస్టారు ఒక కట్టడి చేశాడు. "ఆగాలో వద్దో నేను చెప్తానమ్మా. మీరు ఆలోచించకండి. నేను ఆగమంటే ఆగండి, లేకపోతే పోనివ్వండి." అప్పటి నుంచి కారులో ఒకటే భజన. "ఆగనా, మాస్టారూ?" "వద్దు, పోనివ్వండి." వెనక సీట్లో నా వంతు కోసం కూర్చున్న నాకు అది జోలపాటలా ఉండేది.

రోడ్డు మీద ఎలా ఉన్నా, రాతపరీక్ష విషయంలో మాత్రం అత్తయ్యకి తిరుగులేదు. మాస్టారు ఇచ్చిన ప్రశ్నల పుస్తకాన్ని కూరలు తరుగుతూ బట్టీ పట్టేసింది. నేను పుస్తకం పట్టుకుని ఎదురుగా నిలబడాలి, ఆవిడ కళ్ళు మూసుకుని అప్పజెప్పాలి. అచ్చులో ఎలా ఉంటే అలాగే, "చోదకుడు", "వాహనమును" అంటూ. కూర మాడిన రోజులున్నాయి కానీ ఒక్క ముక్క తప్పిన రోజు లేదు.

ఆ ఉదయం బజారు వీధిలో వెళ్తున్నాం. మాస్టారి కళ్ళజోడు జారి కింద పడింది. తీసుకుందామని ఆయన వంగాడు. అప్పుడే ఆయన వైపు అద్దానికి ఏదో టక్కున తగిలి, అద్దం లోపలికి ముడుచుకుపోయింది.

"ఏదో తగిలింది. ఆగనా, మాస్టారూ?"

"వద్దు, పోనివ్వండి" అన్నాడాయన, తల పైకెత్తకుండానే.

అత్తయ్య పోనిచ్చింది. జీవితంలో మొదటిసారి ఒకరి మాట మారు మాట్లాడకుండా విన్నది, అదీ అప్పుడే. నేను వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు పక్కన గట్టు దగ్గర ఒక పెద్దాయన పడి ఉన్నాడు. ఆయన రేకుపెట్టె తెరుచుకుని తాళంచెవులు చెల్లాచెదురుగా పడ్డాయి. తాళాలు బాగుచేసే ఆయన.

"అత్తయ్యా, ఆపండి! మనిషి పడిపోయాడు!"

ఈసారి ఎవర్నీ అడగలేదు. ఆవిడ బ్రేకూ, మాస్టారి బ్రేకూ ఒకేసారి పడ్డాయి. నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. అప్పటికే కారు ఆయన్ని దాటి నాలుగు కొట్ల అవతలికి వచ్చేసింది.

మాస్టారు వెనక్కి చూసి తెల్లబోయాడు. "కేసయితే నా పర్మిట్ పోతుందమ్మా. నాకున్నది ఈ ఒక్క కారు" అన్నాడు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో తెలియదు. "చూడండి, ఆయన లేచి కూర్చుంటున్నాడు. దెబ్బలేం లేనట్టున్నాయి. మెల్లగా వెళ్ళిపోయి, స్కూలు నుంచి ఫోన్ చేద్దాం."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను. అత్తయ్య ఇంజను ఆపి, నాలుగు దీపాలూ మిణుకుమనే మీట నొక్కింది. సీటుబెల్టు తీస్తూ కళ్ళు మూసుకుంది. ఏం రాబోతోందో నాకు అర్థమైపోయింది.

"'ప్రమాదము సంభవించినచో చోదకుడు తక్షణమే వాహనమును నిలిపి, గాయపడిన వారికి సహాయము చేయవలెను, పోలీసులకు తెలుపవలెను. అట్లు చేయక వెళ్ళిపోవుట నేరము.'" కళ్ళు తెరిచింది. "తప్పు ఎవరిదన్నది తర్వాత తేలుతుంది, వదిలేసి వెళ్ళిపోతే మాత్రం అప్పటికప్పుడే తప్పవుతుంది అని మీరే కదా చెప్పారు? దిగండి, మాస్టారూ."

మాస్టారు దిగాడు. తన పాఠం తనకే అప్పజెప్పించుకున్నాక దిగక ఏం చేస్తాడు?

మేం వెళ్ళేసరికి జనం మూగేశారు. "పారిపోతున్నారు, పట్టుకోండి" అని ఒకాయన, మేం వాళ్ళ వైపే నడిచి వస్తుంటే, అరుస్తున్నాడు. ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఇంకొకాయన పెద్దాయన చంకల కింద చేతులు వేసి లేపబోతున్నాడు. మందుల షాపాయన నీళ్ళసీసా మూత తీస్తున్నాడు. అందరిదీ మంచి మనసే. ఆ మంచి మనసులన్నీ కలిసి పెద్దాయనకి ఊపిరాడకుండా చేస్తున్నాయి.

"లేపకండి! మెడకి దెబ్బ తగిలిందేమో మనకి తెలీదు" అంది అత్తయ్య. "నీళ్ళు పట్టకండి, ఆపరేషన్ అవసరమైతే ఇబ్బంది. కాస్త గాలి రానివ్వండి. బాబూ, ఆ వీడియో తర్వాత. ముందు అటు నిలబడి బండ్లని పక్కనుంచి పంపించు."

"నువ్వెవరమ్మా చెప్పడానికి?" అన్నాడు అరుస్తున్నాయన.

"కారు నడిపింది నేనే" అంది అత్తయ్య.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పారిపోయినవాళ్ళని తిట్టడానికి సిద్ధంగా ఉన్న మాటలు, వచ్చి నిలబడ్డవాళ్ళ మీద పనికిరాలేదు కాబోలు.

పెద్దాయన చెవి వెనక చీరుకుపోయి రక్తం కారుతోంది. నేను నా చున్నీ మడిచి అక్కడ అదిమి పట్టుకున్నాను. మాస్టారు అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. రోజూ తిరిగే వీధి పేరు కూడా గుర్తురాక తడబడుతుంటే మందుల షాపాయన పక్కనుంచి అందించాడు. తర్వాత మాస్టారే పోలీసులకి కూడా చేశాడు.

"ఎందుకమ్మా ఇదంతా?" పెద్దాయన నవ్వుతూ అన్నాడు. "నాకేం కాలేదు. మీ పని మీద మీరు వెళ్ళండి. ఇంతకీ నా పెట్టె ఏదీ?"

"ఇదిగో, మీ పక్కనే ఉంది. తాళంచెవులన్నీ ఏరుతున్నారు" అంది అత్తయ్య.

మాస్టారు ఆశగా చూశాడు. జనంలో చాలామందికి అదే మాట నచ్చింది. "ఆయనే వెళ్ళమంటున్నాడుగా. ఇంటి దగ్గర దింపేసి వెళ్ళిపోండి. పోలీసులూ, సాక్ష్యాలూ, ఎందుకీ తలనొప్పి?" అన్నాడు మందుల షాపాయన.

"నా పెట్టె ఏదీ?" అన్నాడు పెద్దాయన.

"ఇక్కడే ఉందండీ" అన్నాను నేను.

"పడిపోయినా పెట్టె మీదే ప్రాణం" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పెద్దాయనా నవ్వాడు. నవ్వి, అదే గొంతుతో, కొత్తగా అడుగుతున్నట్టు, "నా పెట్టె ఏదీ?" అన్నాడు.

అత్తయ్య మొహంలో నవ్వు పోయింది. "అడిగిందే అడుగుతున్నారు" అంది ఆవిడ మెల్లగా. "ఇది తలకి దెబ్బ. ఆయన్ని ఎక్కడికీ పంపించేది లేదు." ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, అంబులెన్స్ వచ్చేదాకా, అడిగిన ప్రతిసారీ "ఇదిగో, ఇక్కడే ఉంది" అని చెబుతూనే ఉంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంట్లో నేను ఉప్పుడబ్బా ఎక్కడుందని రెండోసారి అడిగితే ఏమంటుందో నాకు తెలుసు.

అంబులెన్స్ వెళ్ళాక వచ్చిన పోలీసాయన మొదట కారు వైపు చూశాడు, తర్వాత రక్తపు మరక వైపు చూశాడు. "తగిలింది ఇక్కడ. కారు అక్కడుందేం?"

అరిచినాయన ఛాతీ విరుచుకున్నాడు. అత్తయ్య నోరు తెరిచింది, కానీ మాస్టారు అడ్డుపడ్డాడు.

"ఆవిడ ఆగనా అని అడిగిందండీ. చూడకుండా పోనివ్వమన్నది నేను. పక్కన కూర్చున్నది నేను, కాళ్ళకింద బ్రేకు ఉన్నది నాకు. నా పేరు రాసుకోండి."

"చక్రం నా చేతుల్లో ఉంది. నాకు కళ్ళున్నాయి. నా పేరు కూడా రాసుకోండి" అంది అత్తయ్య.

పోలీసాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరి పేర్లూ రాస్తాను, తోసుకోకండి. తప్పు ఎవరిది ఎంతన్నది విచారణలో తేలుతుంది. ఆగి, సాయం చేసి, మీరే ఫోన్ చేశారన్నది కూడా రాస్తాను" అన్నాడు. జనం వైపు తిరిగి, "చూసినవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పండి. సాయం చేసినందుకు ఎవర్నీ ఇబ్బంది పెట్టం" అన్నాడు. ఇందాక తలనొప్పి అన్న మందుల షాపాయనే మొదట ముందుకొచ్చాడు. అరిచినాయనకి మాత్రం ఎందుకో ఇంట్లో పని గుర్తొచ్చింది.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. డాక్టరు వచ్చి, తల లోపల నెమ్మదిగా రక్తం చేరిందనీ, వేళకి తెచ్చారు కాబట్టి ఆపరేషన్ చేయగలిగామనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పింది. "ఇంటికెళ్ళి పడుకుని ఉంటే లేచేవారు కాదు" అంది. మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన పర్మిట్ సంగతి అప్పటికింకా ఏమీ తేలలేదు. ఆయన దాని గురించి ఒక్కమాట కూడా ఎత్తలేదు.

కబురందుకుని వచ్చిన పెద్దాయన భార్య లోపలికెళ్ళి ఆయన్ని చూసి బయటికొచ్చింది. "కారు నడిపింది ఎవరు?" అని అడిగింది.

అత్తయ్య లేచి నిలబడింది. కొడుతుందేమో, తిడుతుందేమో, పడాల్సిందే అన్నట్టు తల వంచుకుంది.

ఆవిడ అత్తయ్య ఎదురుగా వచ్చింది. "తగిలించినందుకు మిమ్మల్ని క్షమించానని ఇప్పుడే చెప్పలేనమ్మా" అంది. "కానీ ఆయన నాకేం కాలేదంటే నేనైతే నమ్మేసేదాన్ని. ఇంటికి తీసుకెళ్ళి, దుప్పటి కప్పి, నా చేత్తో నేనే పడుకోబెట్టేదాన్ని."

అత్తయ్య బల్ల మీద కూర్చుని, జరిగి చోటిచ్చింది. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.