పిచ్చయ్యకు మూడుసార్లు రాసిన ఉత్తరం

మార్కాపురంలో సుచరితది టైపింగ్ దుకాణం. అర్జీలు, పెళ్లి పత్రికలు, దరఖాస్తులు టైపు చేసి ఇస్తుంది. పదహారేళ్లుగా అదే పని. సోమవారం పొద్దున పదిగంటలప్పుడు కొనకనమిట్ల దగ్గరి పల్లెనుంచి కృష్ణ అనే గొర్రెల కాపరి ఆ దుకాణానికి వచ్చాడు. ముప్పై రెండేళ్లుంటాయి. ఫోను ఆమె ముందు పెట్టి, ఇందులో తప్పేందో చూడమన్నాడు.

అతను తన పెద్దనాయనకు వాట్సాప్‌లో పంపిన సందేశం అది. కింద పెద్దనాయన పంపిన జవాబు ఒక్క వరుసే ఉంది.

"ఈ రాత ఇద్దరిది. ఆ రెండోవాడు ఎవరు?"

సుచరిత ఆ వరుసను రెండుసార్లు చదివింది. సంగతేమిటని అడిగింది. కృష్ణ స్టూలు మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. తండ్రి చిన్నప్పుడే పోతే పెద్దనాయన పిచ్చయ్యే అతన్ని పెంచాడు. ఇద్దరి గొర్రెలూ ఒకటే మందగా తిరిగేవి. రెండేళ్ల కిందట మంద పంచుకునేటప్పుడు ఊళ్లో పదిమంది ముందు మాటామాటా పెరిగింది. మర్నాడు పొద్దున్నే పిచ్చయ్య తన వంతు గొర్రెలు తోలుకుని, భార్య రంగమ్మతో కలిసి గిద్దలూరు పక్కన కూతురి ఊరికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఇప్పుడు కృష్ణ గొర్రెలకు కొత్త కొట్టం కడుతున్నాడు. వాకిలి ఎటు పెట్టాలో పెద్దనాయన వచ్చి చెప్పాలని అతని కోరిక. ఫోను చేస్తే ఎత్తలేదు. పిచ్చయ్య అయిదో తరగతి దాకా చదువుకున్నాడు, వేలు పెట్టి ఒక్కో అక్షరం పైకి చదువుతాడు. అందుకని రాసి పంపాడు.

రాసింది మాత్రం ఒక్కసారి కాదు. నోటితో చెప్పి, దాన్ని పెద్దవాళ్లకు గౌరవంగా మార్చమని ఫోనులోని యాప్‌కు ఇచ్చాడు. వచ్చినదానికి తాను ఇంకో రెండు ముక్కలు కలిపాడు. మళ్లీ మార్చమన్నాడు. మళ్లీ కొంచెం దిద్దాడు. చివరికి తేలింది ఇది:

"గౌరవనీయులైన పెద్దనాయన గారికి నమస్కారం. మీరు ఎలా ఉన్నారు? పెద్దమ్మ గారు బాగున్నారని తలుస్తాను. ఆ రోజు నా మాటలకు మీరు చాలా బాధపడి ఉంటావు. నన్ను క్షమించండి. కొత్త కొట్టం వేస్తున్నాము. వాకిలి ఎటు పెట్టాలో నువ్వు వచ్చి చెప్పండి. పెద్దమ్మను కూడా పిలుచుకొని రా. మీరు రాకపోతే పని మొదలుపెట్టను. నీ మాట కోసం నేను ఎదురుచూస్తుంటారు."

సుచరితకు నవ్వు రాలేదు. ఆమె చూపు ఒక్కో మాట చివర ఆగుతూ పోయింది. దాన్ని కాగితం మీద తీసి, ఎర్ర పెన్నుతో మాటల చివరలకు గీతలు పెట్టడం మొదలుపెట్టింది. కృష్ణ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

'మీరు' అని పిలిచాక 'ఉంటావు' అనకూడదు, 'ఉంటారు' అవ్వాలి. 'నువ్వు వచ్చి చెప్పండి' అంటే తల ఒకరిది, తోక ఒకరిది. అక్కడ 'మీరు' కావాలి. 'రా' అన్నది 'రండి' కావాలి. 'నీ మాట' కాదు, 'మీ మాట'. అన్నిటికన్నా వింత ఆఖరి వరుస. 'నేను ఎదురుచూస్తుంటారు' అని కృష్ణ తనకు తానే మర్యాద ఇచ్చుకున్నట్టయింది. మర్యాద ఎదుటివాళ్ల క్రియకే తప్ప మన క్రియకు ఉండదు. అక్కడ 'ఎదురుచూస్తుంటాను' అనే ఉండాలి.

"మరి 'రాకపోతే' కింద గీత పెట్టలేదేంది అక్కా?" అని అడిగాడు కృష్ణ.

అది ఎవరికైనా ఒకటేనని ఆమె చెప్పింది. నువ్వు రాకపోతే, మీరు రాకపోతే, వాడు రాకపోతే. 'రాలేదు' కూడా అంతే. కొన్ని మాటలకు మనిషిని పట్టి మారే తోక ఉండదు, వాటిని ముట్టుకోవక్కర్లేదు. ఉన్నవాటిని మాత్రం ఒక్కటీ వదలకూడదు. ఒకటి మార్చి ఒకటి మరిస్తే, చదివేవాళ్లకు ఆ మరిచిన మాటే వినబడుతుంది.

పావుగంటలో మొత్తం 'మీరు'లోకి వచ్చింది. ఆమె పైకి చదివి వినిపించింది. ఎక్కడా నాలుక తడబడలేదు. కృష్ణ తల ఊపాడు గానీ ముఖం తేటపడలేదు.

"బాగుంది అక్కా. ఎవరో చదువుకున్నాయన రాసినట్టుంది" అన్నాడు.

ఆ మాటను సుచరిత అప్పుడు పట్టించుకోలేదు. కృష్ణ దాన్ని పంపించి, సంతలో పని చూసుకుని వస్తానని వెళ్లాడు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. ఈసారి పిచ్చయ్య రాయలేదు, మాట్లాడి పంపాడు. గొంతు నిదానంగా ఉంది.

"ఈసారి ఒకడే రాసినాడు. కానీ వాడు మా కృష్ణ కాదు."

అంతే. వెనకాల గొర్రెల అరుపు, ఎవరో ఆడమనిషి దగ్గు. కృష్ణ ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. ఇంక రాసేదేం లేదన్నాడు. సుచరిత అతన్ని కూర్చోమంది. తాను చేసిన పనిలో తప్పు లేదని ఆమెకు తెలుసు, ప్రతి తోకా సరిగానే ఉంది. అయినా ముసలాయన దాన్ని తిప్పి పంపాడు. ఎందుకో తెలుసుకోకుండా ఆ కాగితం పక్కన పెట్టబుద్ధి కాలేదు.

"ఇంట్లో ఆయన్ని ఏమని పిలిచేవాడివి తమ్ముడూ? నువ్వనా, మీరనా?"

"నువ్వనే. నాయనను కూడా నువ్వనే కదక్కా అంటాం. మా ఇంటామె మల్లి మాత్రం మీరంటది. కోడలు కదా."

"మరి గొడవైన రోజు?"

కృష్ణ చేతిలోని తువ్వాలు మడత విప్పి మళ్లీ మడిచాడు. ఆ రోజు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. అందరిలో తానూ పెద్దమనిషిలా మాట్లాడాలనుకున్నాడు.

"మీ మంద మీరు చూసుకోండి, మా మంద మేం చూసుకుంటాం అన్నా" అని మెల్లగా అన్నాడు. "తిట్టలేదక్కా. అరవలేదు కూడా. ఆ మాటకు పెద్దనాయన నా దిక్కు చూసి లేచి పోయినాడు. మీరని మర్యాదగానే అన్నా కదా, ఎందుకు అంత కోపమొచ్చిందో అని రెండేండ్లుగా అనుకుంటానే ఉన్నా."

సుచరిత పెన్ను బల్ల మీద పెట్టింది. ఇంతకాలం ఆమె ఎవరు వచ్చినా పెద్దవాళ్లకు అంటే 'మీరు' అనే టైపు చేసింది. కలెక్టరుకైనా, కన్నతల్లికైనా. ఏ ఇంట్లో ఏ మాట నడుస్తుందో అడగాలని ఎన్నడూ తట్టలేదు. పుట్టినప్పటినుంచీ 'నువ్వు' అన్న బిడ్డ ఒకరోజు పదిమందిలో 'మీరు' అంటే, పిచ్చయ్యకు అది బయటికి పంపి తలుపు వేసినట్టు వినబడి ఉంటుంది. ఇప్పుడు తాను పొద్దున దిద్దిన కాగితం అదే తలుపును ఇంకాస్త గట్టిగా మూసింది.

ఈసారి ఫోను పక్కన పెట్టమంది. ఆయన ఎదురుగా కూర్చున్నట్టు చెప్పు, నేను టైపు చేస్తానంది. కృష్ణ గోడకేసి చూస్తూ మొదలుపెట్టాడు. కొత్తచోటు కావడంతో రెండుసార్లు 'మీరు' దొర్లింది. ఆమె ఆపకుండా టైపు చేసి, తర్వాత వాటిని వెతికి 'నువ్వు' చేసింది. ఇటునుంచి అటు మార్చడం ఎంత పనో, అటునుంచి ఇటు రావడమూ అంతే పని. 'గారు' పోయింది. 'గౌరవనీయులైన' పోయింది. 'క్షమించండి' దగ్గర ఆమె ఆగింది. దాన్ని 'క్షమించు' అని మార్చితే సరిపోతుంది గానీ, ఇంట్లో ఎవరైనా అట్లా అంటారా అని అడిగింది. కృష్ణ తల అడ్డంగా ఊపాడు. మనసులో పెట్టుకోకు అంటామన్నాడు. అదే పెట్టింది.

చివరికి ఇట్లా అయింది:

"పెద్దనాయనా, నేను కృష్ణను. నువ్వు ఎట్లున్నావు? పెద్దమ్మకు దగ్గు తగ్గిందా? ఆ పొద్దు పదిమందిలో నిన్ను మీరన్నాను. నువ్వు బాధపడి ఉంటావు. నాకు ఇన్నాళ్లకు తెలిసింది. మనసులో పెట్టుకోకు. కొత్త కొట్టం వేస్తున్నా. వాకిలి ఎటు పెట్టాలో నువ్వే చెప్పాల. నువ్వూ పెద్దమ్మా ఇద్దరూ రండి. నువ్వు రాకపోతే పని మొదలుపెట్టను."

కృష్ణ వేలితో ఒకచోట చూపించాడు. "అన్నీ మార్చినావు. ఈ 'రండి' మిగిలిపోయింది చూడక్కా."

సుచరితకు ఆ మాట నచ్చింది. పొద్దున వచ్చినప్పుడు అతనికి ఈ కన్ను లేదు. అక్కడ ఇద్దరిని పిలుస్తున్నావు, ఇద్దరికైతే 'రండి' అనే అనాలి, అది మర్యాద కోసం పెట్టింది కాదు, లెక్క కోసం పెట్టింది అని చెప్పింది. కృష్ణ ఇంట్లో తాను అట్లాగే అంటానని అప్పుడు గుర్తించినట్టు, పెదవులు కదిలిస్తూ ఆ వరుస మళ్లీ చదువుకున్నాడు.

పంపించాక ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆమె పత్రికలు టైపు చేస్తూ మధ్యలో ఆలోచించింది, ఈసారి ఎక్కడ తప్పి ఉంటాం అని. బుధవారం సాయంత్రం కృష్ణ ఫోను చేశాడు. పెద్దనాయన ఇప్పుడే మాట్లాడాడట. సందేశం ఊసే ఎత్తలేదట. ఈనిన గొర్రెలెన్ని, కొట్టానికి కర్ర ఏది తెచ్చినావు అని అడిగి, శుక్రవారం బండికి వస్తున్నామని పెట్టేశాడట.

ఆ తర్వాతి సంగతులు సుచరితకు కొంత కృష్ణ చెప్పాడు, కొంత పిచ్చయ్యే చెప్పాడు. ముసలాయన దిగిన రోజు కొట్టం జోలికి పోలేదు. రెండోరోజు ఎండ వేళ ఖాళీ స్థలంలో నిలబడి పిడికెడు దుమ్ము పైకి వదిలాడు. పడమటి గాలి గొర్రెపిల్లల మీదికి కొట్టకూడదని వాకిలి తూర్పుకు పెట్టమన్నాడు. మల్లి పొయ్యి దగ్గరనుంచి, మరి వాన జల్లు అటునుంచి కూడా వస్తుంది కదా మామా, మీరు చెప్పండి అంది. దాని మీద గంటసేపు వాదన నడిచింది. చివరికి వాకిలి తూర్పుకే పెట్టి, ముందు అడ్డంగా ఒక తడిక కట్టాలని తేలింది. ఊరికి తిరిగి వచ్చేయమని కృష్ణ అడిగితే, చూద్దాంలే అన్నాడట. గిద్దలూరు దిక్కు మేత బాగుందట.

అయిదోరోజు తిరుగు ప్రయాణంలో, బండికి ఇంకా రెండు గంటలుందనగా పిచ్చయ్య దుకాణం మెట్లెక్కాడు. కృష్ణ, రంగమ్మ సంచులతో వెనక నిలబడ్డారు. సన్నటి మనిషి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కృష్ణకు రాసిపెట్టింది నువ్వేనా అమ్మా అని అడిగి, తనకూ ఒకటి రాయాలన్నాడు. పామూరులో రంగమ్మ అన్న మాల్యాద్రి ఉన్నాడు. తొంభై దాటాయి. గొర్రెల రోగాల గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మూడు గొర్రెలకు కాళ్లు పడిపోతున్నాయి, ఏం చేయాలో అడగాలి.

సుచరిత చేతులు కీబోర్డు మీద పెట్టి, రాసే ముందు ఒకమాట అడిగింది. "బావ కదా, నువ్వనే రాయనా పెద్దాయనా?"

"వద్దమ్మా. ఆయన ముందర నేను ఎన్నడూ కూర్చోలేదు. మీరనే రాయి, మొదటినుంచి కడదాకా" అన్నాడు పిచ్చయ్య.

తర్వాత స్టూలు ముందుకు లాక్కుని, కళ్లద్దాలు సరిచేసుకుని, తెర మీద ఒక్కో మాట చివరా వేలు పెట్టి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.