ఒక సెంటీమీటరు

వరద వచ్చి మా లాండ్రీ గోడ మీద నడుమెత్తున మట్టిచార వదిలిపోయిన రెండో ఏడు జరిగిందిది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే ఆరు పెద్ద మిషన్లు మావి. అన్నీ ఒకే ఫ్రెంచి కంపెనీ చేసినవే. బురద తిని వాటి ఇరుసులు తిరిగే ఇత్తడి బుష్‌లు అరిగిపోయాయి. నాలుగు మిషన్లు మూగబోయాయి. వాటిని బాగుచేసే మేస్త్రీని నేను.

కొత్త బుష్‌లకు ఆ కంపెనీకే రాయాలి. వాళ్లు ఫ్రెంచిలో తప్ప పలకరు. అందుకని ఓనరు ఒక ఫ్రెంచి టీచరమ్మను మధ్యాహ్నాలు ఆఫీసులో పెట్టుకున్నాడు. ఆమె నేర్పే బడి మూతపడింది. ఆమె ఇల్లు మా ఓనరిచ్చే జీతం మీదే నడుస్తోందని అందరికీ తెలుసు.

"బాబాయ్, దెవి అడగాలి. ముందుగా చెప్పే ధరల కాగితం అన్నమాట" అంది నా బల్ల దగ్గరికి వచ్చి. "కొలతలు నువ్వు చెప్పు, నేను రాస్తాను."

నేను పాత బుష్ తీసి స్కేలు పెట్టాను. లోపలి వ్యాసం యాభై, బయటిది అరవై రెండు, పొడవు డెబ్బై మిల్లీమీటర్లు అన్నాను. ఆమె ఒక్కో అంకె మళ్లీ పలికి రాసుకుంది. మిషన్ నంబరు దానికి బిగించిన రేకు మీద నుంచి తనే ఎత్తి రాసింది. మిషన్‌కు రెండు చొప్పున ఆరింటికీ పన్నెండు. ఒక్కోదాని ధర, మొత్తం, రవాణా వేరుగా చూపాలి. ఎన్నాళ్లలో పంపగలరో చెప్పాలి. జవాబు ఇరవయ్యో తేదీలోగా రావాలి. ఉత్తరమంతా చదివి వినిపించింది.

"చివర ఇంత పొడుగ్గా ఏముందమ్మా?"

"మా ప్రగాఢ గౌరవాభివందనాలు స్వీకరించ ప్రార్థన అని. అది లేకపోతే వాళ్లకి కోపమొస్తుంది బాబాయ్."

"బుష్‌ల కంటే మర్యాదే ఎక్కువ చోటు పట్టిందే" అన్నాను. నేనంత మాట్లాడడం ఎప్పుడూ చూడలేదని ఆమె నవ్వింది.

పద్దెనిమిదో తేదీన జవాబు వచ్చింది. ఓనరు అందరినీ ఆఫీసులోకి పిలిచాడు. దెవి కాగితం ఆమె చేతే చదివించాడు. ధరలన్నీ అడిగినట్టే ఉన్నాయి. అడుగున ఒక వాక్యం. మీరు రాసిన మిషన్‌కు మా బుష్ లోపలి వ్యాసం నలభై, మీరు యాభై అడిగారు, బయటి వ్యాసం, పొడవు కూడా పదేసి ఎక్కువే, మీ కొలతకు చేసి పంపిన సరుకు వెనక్కి తీసుకోం, సంతకం పెట్టేముందు సరిచూసుకోండి అని.

నాకు వెంటనే తెలిసిపోయింది. వరదలో తలుపు కింద పడి నా స్కేలు మొదటి సెంటీమీటరు వంకర పోతే రంపంతో కోసి పారేశాను. అప్పటి నుంచి స్కేలు మీద చూసిన అంకెలోంచి పది మిల్లీమీటర్లు తీసేసి పని చేస్తున్నాను. చేతికి అలవాటైపోయింది. ఆ రోజు చెయ్యి కాదు, నోరు పని చేసింది. ఆ పది తియ్యలేదు.

"చూశారా, ఈవిడ ఫ్రెంచి ఘనత!" అన్నాడు ఓనరు. "నలభైకి యాభై రాస్తుందా? చూడకుండా సంతకం పెట్టుంటే నా గతేం కావాలి?"

"బాబాయ్ చెప్పిందే రాశానండీ."

ఓనరు నా వంక తిరిగాడు. "ఏమయ్యా మేస్త్రీ, యాభై అన్నావా నువ్వు?"

నేను తల వంచుకున్నాను.

"ఆయన ముప్పై ఏళ్లుగా కొలుస్తున్నాడు. ఈ మనిషి నోట పొల్లు మాట రాదు. ఇక రేపటి నుంచి మీరు రానక్కర్లేదమ్మా."

నేను మాట్లాడని వాణ్నని ఊరంతా నాకు పేరు. ఆ రోజు ఆ పేరు వెనకాల దాక్కున్నాను. ఆమె సంచీ సర్దుకుంటూ ఒక్కసారి నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చున్నాను. మెతుకు ముట్టలేదు.

"మాట్లాడవు సరే, తినడం కూడా మానేశావా?" అంది మా ఆవిడ.

"అబద్ధం ఆడాను" అన్నాను.

"నువ్వా? నోరు తెరిస్తేగా!"

"తెరవకుండానే ఆడాను."

ఆమె కంచం తీసేసింది.

మర్నాడు పొద్దున్న అందరూ మిషన్ల దగ్గరికి వచ్చేదాకా ఆగాను. వాళ్లకు వినపడేలా ఆఫీసు తలుపు తెరిచే ఉంచి, స్కేలు తీసుకెళ్లి ఓనరు బల్ల మీద, ఆ దెవి కాగితం పైన పెట్టాను.

"మొదటి సెంటీమీటరు లేదండీ. కోసింది నేనే. యాభై అని చెప్పిందీ నేనే. నిన్న నోరు మూసుకున్నదీ నేనే."

ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరు స్కేలును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ఏమంటాడో వినడానికి నిలబడే ధైర్యం లేకపోయింది. "ఆమెను మీరు మళ్లీ పనికి పిలవాలి. కబురు చెప్పడానికి నన్ను పంపండి" అన్నాను. వెళ్లి పిలుచుకు రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

కొట్లో కొత్త స్కేలు కొని, పాత బుష్ జేబులో వేసుకుని, ఆమె ఇంటి తలుపు తట్టాను. జరిగిందీ, ఓనరు మళ్లీ రమ్మన్న సంగతీ చెప్పాను. రెండు మాటలే, అవీ నత్తినత్తిగా. ఆమె లోపలికి వెళ్లి, కంపెనీకి మళ్లీ రాయడానికి కాగితం, కలం తెచ్చింది. నన్ను బాబాయ్ అనలేదు.

"కొలతలు చెప్పండి" అంది.

గుమ్మంలోనే కూర్చుని బుష్ మీద స్కేలు పెట్టాను. ఈసారి స్కేలు ఆమె వైపు తిప్పి, అంకె ఆమె చేతే చదివించాను.