ఫోటో లేని మెయిల్

భీమన్న కాక చెవుడు పుట్టుకతో వచ్చింది కాదు. పసుపు కొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ముల పక్కన ముప్పై ఏళ్లు నిలబడితే వచ్చింది. ఇక డ్రమ్ముల దగ్గర పనికి రాడని మా సేటు గజేందర్ అతన్ని ఏర్గట్ల గోదాముకు కావలి పెట్టాడు. వెళ్లే రోజు మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని నాతో ఒక మాట అన్నాడు.

"రోజు నా ఫొటోలు వస్తున్నయంటే నేనున్నట్టు. రాని దినం నా దిక్కు జర సూడు బిడ్డా. ఇంకెవలున్నరు నాకు?"

అతని చేతిలోని పలక తీసుకుని "సరే" అని రాసి ఇచ్చాను. అది అంత బరువైన మాటని అప్పుడు అనుకోలేదు.

నేను ఆర్మూర్ మార్కెట్ యార్డు దగ్గర పసుపు నిల్వ చేసే కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. పేరు తార. మా గోదాములు ఏడు. ప్రతి గోదాము నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి ఫోటోలు మెయిల్‌లో రావాలి: బస్తాల వరస ఒకటి, తేమ మీటరు ఒకటి, తాళం ఒకటి. ప్రతి ఫోటోలోనూ ఆ రోజు తేదీ రాసిన పలక కనబడాలి. వాట్సాప్ వద్దని సేటు ఆర్డరు. ఫోటో చిన్నదైపోతుందట, పైగా కావలివాళ్లు వీడియోలు చూస్తూ కూర్చుంటారట. ఆయన మాత్రం పొద్దంతా చూసేది అవే.

మిగతా ఆరుగురూ ఫోటోలు పెట్టి ఊరుకునేవాళ్లు. భీమన్న కాక కింద నాలుగు ముక్కలు రాసేవాడు. వాన పడిందనీ, ఎలుకల కోసం పిల్లిని తెచ్చాననీ, అన్నం మాడిందనీ. నేను ఫోటోలు ఒక్కొక్కటే సేవ్ చేసి, ఆ తేదీతో ఫోల్డర్ చేసి అందులో వేసి, అతనికి జవాబు రాసేదాన్ని. "పిల్లి ఈనిందా కాకా?" "ఇయ్యాల ఏం కూర?" అమ్మ పోయాక గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తంలో నేను ఇష్టంగా మాట్లాడిన మాటలు అవే.

జూన్‌లో ఆడిటర్ వచ్చి ఫోటోలు తేదీలవారీగా లేవని గొడవ చేశాడు. సేటు ఆ కోపం నా మీద చూపించాడు. ఆ పౌరుషంతో నెట్లో దొరికిన పైథాన్ స్క్రిప్ట్ అనే ఒక చిన్న ప్రోగ్రాం పట్టుకుని నాలుగు రోజులు కుస్తీ పట్టాను. పావుగంటకోసారి అదే లేచి మెయిల్ బాక్సులోకి వెళ్తుంది. చదవని మెయిళ్లన్నీ దించుకుంటుంది. ఒక్కో మెయిల్‌లో ఏయే ముక్కలున్నాయో చూసి, బొమ్మ అయినదాన్ని మాత్రం పట్టుకుంటుంది. మెయిల్ తేదీ చూసి, ఏడాది, నెల, రోజు వరసలో ఫోల్డర్ చేసి, లోపల గోదాము పేరుతో ఇంకో ఫోల్డర్ చేసి అందులో పెడుతుంది. అదే పేరుతో ఫోటో ముందే ఉంటే పాతదాన్ని చెరపకుండా కొత్తదాని పేరు వెనక అంకె తగిలిస్తుంది. మొదటి రోజు బాల్కొండ గోదాము మెయిల్ కింద ఉండే కంపెనీ గుర్తును కూడా ఫోటో అనుకుని దాచుకుంది. చిన్న సైజు బొమ్మలు వద్దని చెప్పాక బుద్ధి వచ్చింది.

భీమన్న కాకకు జవాబు ఆగిపోతే బాధపడతాడని ఇంకో రెండు లైన్లు కలిపాను. ఏర్గట్ల నుంచి వచ్చిన ఫోటో సేవ్ కాగానే "అందినయి కాకా. పైలం" అని, జాగ్రత్త చెబుతున్నట్టు, దానంతటదే వెళ్లిపోయేలా. నాకు నేనే తెలివైనదాన్ననిపించింది. సేటు కూడా మెచ్చుకుని, మిగిలిన టైముకు ఇంకో పని అంటగట్టాడు. మూడు నెలలు మెయిల్ బాక్సు వైపు సరిగా చూడలేదు. ఎప్పుడైనా చూసినా చదవని మెయిల్ ఒక్కటీ ఉండేది కాదు. నా రోజు మొత్తం నోరు తెరవకుండానే గడిచిపోతోందని తెలుస్తూనే ఉంది. ఎందుకో మాత్రం తట్టలేదు.

సెప్టెంబర్‌లో ఒక గురువారం పొద్దున సేటు ఆ వారం ఫోటోలు ప్రింటు తీయమన్నాడు. సోమవారం ఫోల్డర్ తెరిచాను. లోపల ఆరు గోదాములే ఉన్నాయి. ఏర్గట్ల లేదు. మంగళవారంలో లేదు. బుధవారంలో కూడా లేదు. ఫోటో వస్తేనే ఫోల్డర్ చేయమన్నాను కదా, రాకపోతే నాకు చెప్పమని ఎక్కడా రాయలేదు.

మెయిల్ బాక్సులో వెతికితే అతని మెయిళ్లు మూడు రోజులవీ ఉన్నాయి. మూడూ చదివినట్టే ఉన్నాయి. నేను చదవలేదు. స్క్రిప్ట్ మెయిల్‌ను మొత్తంగా దించుకోగానే సర్వర్ దాన్ని చదివినట్టు గుర్తు పెట్టేసింది. బొమ్మ లేదు కాబట్టి స్క్రిప్ట్ దాన్ని వదిలేసి ముందుకు పోయింది. జవాబూ ఇవ్వలేదు.

సోమవారంది: "తారమ్మా, కాలు వాసింది, జరమొచ్చింది. లేవరాకుంట ఉన్న. ఫొటోలు తీయలె. సేటుకు చెప్పి ఎవలనన్న తోలు."

మంగళవారంది: "జవాబు రాలె. నీ పానం మంచిగున్నదా?"

బుధవారంది: "మూడు దినాలాయె. జవాబు ఆపేదానివి కావు నువ్వు. ఒక్కతివే ఉంటవు, ఏమన్నయిందేమోనని ఫికరైతుంది. రేపు నడవొస్తే వస్త."

ఇంకా వెనక్కి వెళ్లాను. ఆగస్టులో ఫోటోలతో పాటు వచ్చిన ఒక మెయిల్: "పిల్లి సచ్చిపోయింది బిడ్డా. ఇప్పుడు గోదాముల నేనొక్కన్నే." దాని కింద నిమిషాల్లో వెళ్లిన జవాబు: "అందినయి కాకా. పైలం."

సేటుకు చెప్పకుండానే ఆటో ఎక్కాను. దారిపొడవునా నన్ను నేను తిట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని తెలుస్తూనే ఉంది. గోదాముకు తాళం వేసి ఉంది. ఎదురుగా చాయ్ హోటల్ గంగాదాస్ నన్ను చూసి బయటికి వచ్చాడు.

"భీమన్న కోసమా? పొద్దుగాల నేనే బస్సెక్కిచ్చిన. దవాఖానకు పోదాం అంటే వినకపాయె. ఆర్మూర్ల మా తారమ్మకు ఏమయిందో సూసినంకనే దవాఖాన అన్నడు. నువ్వెవలు?"

నేను అప్పటికే ఆటో వైపు పరుగెత్తుతున్నాను.

అదే ఆటోలో వెనక్కి వచ్చాను. ఆఫీసు కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మెట్లెక్కలేకపోయాడు. మోకాలి దాకా వాచిన కాలికి తువ్వాల చుట్టుకున్నాడు. ఒళ్లో పలక ఉంది. నన్ను చూసి మొఖమంతా నవ్వాడు.

"మంచిగనే ఉన్నవు" అన్నాడు గట్టిగా. "నేనేందేందో అనుకున్న."

నేను పక్కన కూలబడి ఏడ్చాను. అతను నా తల మీద చేయి వేశాడు. చేయి కాలిపోతోంది. ఆటో అతన్ని ఆగమని చెప్పి పలక తీసుకున్నాను. అబద్ధం రాయడం చాలా తేలిక. నెట్ పోయింది అంటే చాలు, నమ్మేవాడు.

"నీ మెయిళ్లు నేను చదవలేదు కాకా. మూడు నెలలాయె" అని రాసి ఇచ్చాను.

పలకను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాడు. చదివి నా వైపు చూశాడు. కోపం లేదు. అర్థం కాలేదంతే.

"మరి రోజు పైలమని ఎవలు రాసిండ్రు బిడ్డా?"

పలక మళ్లీ నా చేతిలో పెట్టి, జవాబు కోసం చూస్తూ కూర్చున్నాడు.