పెట్టె వెనుక అక్షరాలు

ఆ పెట్టెకు నాలుగు మూలలా పసుపు రాయమని పంకజాక్షికి చెప్పినవాడు మేనేజరు పరంధామయ్యే. చిత్తూరు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ. అందులో చెరకు విభాగం. ఏ రైతు చెరకు ఏ రోజు కొట్టాలో చెప్పే కటింగ్ ఆర్డర్ల జాబితా అక్కడే తయారవుతుంది. పంకజాక్షి అక్కడ టైపిస్టు. ఉద్యోగం తాత్కాలికం, మార్చి దాకా ఒక కాగితం ముక్క మీద నడుస్తుంది. రెండేళ్ళ క్రితం కంప్యూటరు వచ్చినప్పుడు దాని ముందు కూర్చోవడానికి మగవాళ్ళు జంకితే ఆమే కూర్చుంది.

పరంధామయ్య మద్రాసు వెళ్ళి, అక్కడొక షోరూములో కొత్త ప్రోగ్రాం ఆడించి చూపిస్తే ముచ్చటపడి ఆర్డరిచ్చేశాడు. మూడువేల మంది రైతుల్ని నాటిన తేదీల ప్రకారం నిమిషాల్లో వరుసపెడుతుందట. ఫ్యాక్టరీకి సరుకు తెచ్చే తిరుపతి ఏజెంటు నాయబ్ రసూల్, ఆ ప్రోగ్రాం ఫ్లాపీలున్న సీలు వేసిన పెట్టెను స్వయంగా తెచ్చి ఇచ్చాడు. ఇవ్వబోయే ముందు "మీ మిషన్లో మెమరీ ఎంతుండాది సార్?" అని అడిగాడు కూడా. "మాది కొత్త కంప్యూటరే లేప్పా" అన్నాడు పరంధామయ్య. కొన్నవాటిని కాణిపాకం పంపి వినాయకుడి ముందు పెట్టించాకే విప్పడం ఆ ఆఫీసు ఆచారం. టైపు మిషనుకూ అంతే, తూకం కాటాకూ అంతే.

పసుపు రాయడానికి పెట్టెను తిరగేసినప్పుడు పంకజాక్షి వెనుక అట్ట మీది చిన్న అక్షరాలు చదివింది. ఐదువందల పన్నెండు కె మెమరీ తప్పనిసరి అని ఉంది. తమ మిషన్ ఆన్ చేసినప్పుడల్లా తెర మీద లెక్కపెట్టుకుంటూ పోయి రెండువందల యాభై ఆరు దగ్గర ఆగుతుంది. రోజూ చూసే అంకె. అంటే ఇది తమ మిషన్లో ఆడదు. సీలు విప్పకుండా ఉంటే మార్చుకోవచ్చు కదా అనుకుంది. ఇంతలో పరంధామయ్య "ముహూర్తం దాటిపోతాది, కానీమ్మా" అన్నాడు. పూజకు పోతున్న వస్తువును పట్టుకుని ఇది పనికిరాదనడమా? నోటిదాకా వచ్చిన మాటను మింగి, నాలుగో మూలకు కూడా పసుపు రాసింది. మహా తెలివైన పని చేశాననుకుంది పాపం!

పూజ అయ్యింది, సీలు తెగింది. ఫ్లాపీ పెట్టి ప్రోగ్రాం పేరు కొడితే డ్రైవు కాసేపు గరగరలాడింది. తర్వాత తెర మీద ఒకే ఒక ఇంగ్లీషు వాక్యం. ప్రోగ్రాం పెద్దది, మెమరీలో పట్టదని దాని అర్థం. ఇంకోసారి కొట్టినా అదే వాక్యం. కబురందుకుని వచ్చిన నాయబ్ రసూల్ చూసి తల పట్టుకున్నాడు.

"మెమరీ కార్డు ఏయిస్తే ఆడతాది సార్. మద్రాసు నుంచి రావాల, మూడు వారాలు. సీలు దీసినారు గాబట్టి దీన్ని వాపసు దీసుకోరు."

చెరకు ఆడే క్రషింగు మొదలవడానికి ఇంకా పదిరోజులే. జాబితా చేత్తోనే రాయక తప్పదు. అది కష్టమే తప్ప గండం కాదు. గండం నాయబ్ రసూల్‌కు వచ్చింది. పరంధామయ్య ఎర్రబడ్డ ముఖంతో, పెద్దాఫీసుకు పంపే లేఖను పంకజాక్షికి చెప్పి టైపు చేయించసాగాడు. పనికిరాని సరుకు అంటగట్టాడు, ఇతణ్ణి ఏజెంట్ల జాబితా నుంచి తీసేయాలని దాని సారాంశం. రసూల్‌కు ఈ ఫ్యాక్టరీ ఒక్కటే పెద్ద ఖాతా. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

పంకజాక్షి వేళ్ళు అతని పేరు దగ్గర ఆగిపోయాయి.

"సార్, నాకు తెల్సు. పసుపు రాసేటప్పుడే సదివినా. మన మిషను సాలదని తెల్సు."

"తెల్సా? మరి నోరెందుకు మూసుకున్యావు?"

"పూజకు ముందర కాదనే మాట ఎట్లా సెప్పేది సార్? మీరు ఇనేవాళ్ళేనా?"

పరంధామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. తను విని ఉండేవాడు కాదని ఆయనకు తెలుసు. మద్రాసు షోరూములో పెట్టె తిప్పి చూడాలన్న ఆలోచనే రాలేదని కూడా తెలుసు. లేచి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"తప్పు ఎవురిదో నువ్వే టైపు సెయ్యమ్మా. సంతకం నేను పెడతా."

ఆమె కొత్త కాగితం ఎక్కించింది. మార్చితో ముగిసే తన ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా కొట్టుకుంటూ పోయింది. కంప్యూటరు సామర్థ్యం చూడకుండా కొన్నది మేనేజరు పరంధామయ్య, చదివి కూడా చెప్పనిది టైపిస్టు పంకజాక్షి, ఏజెంటు ముందే అడిగాడు, అతని దోషం లేదు అని రాసింది.

పరంధామయ్య కాగితం రెండుసార్లు చదివాడు. పెన్ను తీసి ఆమె పేరున్న వాక్యాన్ని కొట్టేయబోయాడు.

"వద్దు సార్," అంది పంకజాక్షి. "ఉండనీండి."

ఆయన ఆమె వంక చూసి, పెన్ను కిందికి దించి సంతకం పెట్టాడు.