ఆవ చేదెక్కిన రోజు

అమలాపురం చుట్టుపక్కల పెళ్లివంటలంటే మా అత్త మంగతాయారే. మూడు నెలల కిందటి జ్వరానికి ఆవిడ నాలుకకి రుచి పోయింది. ఉప్పేదో బెల్లమేదో తెలియదు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. అప్పట్నుంచి వండేది ఆవిడ, రుచి చూసేది నేను.

నాకేమో ఆవిడంటే హడలు. ఏది నోట్లో పెట్టినా "బాగుందత్తా" అనేసేదాన్ని.

"బాగుందన్నది ఆరింటిలో ఏ రుచే?" అని గయ్యిమనేది. "అరటికాయ వగరు పోయిందా, ఇంకా నాలుక పట్టేస్తోందా? పులుసులో పులుపు ముందుందా, కారం ముందుందా? పప్పు మెదిగిందా, పలుకు తగులుతోందా? పులిహోర పొడిపొడిగా ఉందా, ముద్దయిందా? చెప్పవే, నోరు లేదా?"

ఆ రోజు కామేశ్వరమ్మగారు మా ఇంటికి భోజనానికొచ్చారు. మా వంట నచ్చితే ఆవిడ మనవరాలి పెళ్లివంట మాది. నచ్చకపోతే మంగతాయారు చెయ్యి పోయిందని ఊరంతా తెలిసిపోతుంది.

"పనసపొట్టు కూర దించి, చల్లారాక నూరిన ఆవ కలపవే" అని చెప్పి అత్త వడియాలు వేయించడానికి వెళ్లింది. నేను కంగారులో పొయ్యి మీదే కలిపేశాను. రుచి చూస్తే కటిక చేదు.

"ఎలా ఉందే?"

"బాగుందత్తా."

కామేశ్వరమ్మగారు అన్నీ తిన్నారు. కూర మాత్రం ఒక్క ముద్ద తిని విస్తరిలో పక్కకి నెట్టేశారు. "బాగుందమ్మా. కబురు చేస్తాలే" అన్నారు. అత్త మొహం వెలిగిపోయింది. ఆ కబురు రాదని నాకు తెలుసు. ఆ వెలుగు చూడలేకపోయాను.

"బాగోలేదండీ! చేదు. ఆవ పొయ్యి మీద కలిపింది నేను. అత్తకి జ్వరం తర్వాత రుచి తెలీట్లేదండీ."

అత్త నిలబడ్డచోటే కొయ్యబారింది. కామేశ్వరమ్మగారు నన్ను ఎగాదిగా చూశారు.

"ఇంకేం తేడాలున్నాయే పిల్లా?"

"పప్పులో ఉప్పు పిసరు తక్కువండీ. పై వడియాలు కరకరలాడుతున్నాయి, అడుగువి మెత్తబడ్డాయి. బూరెల పైన తోపుపిండి గట్టిపడింది. పూర్ణం మటుకు నున్నగా ఉంది, తీపీ సరిపోయింది."

"నాకూ అలాగే అనిపించింది. బాగుందనేవాళ్లు మా ఇంట్లో బోలెడుమంది. మిగిలిన పొట్టుందా?"

ఉంది. ఈసారి తాలింపు పెట్టి, దించి, చల్లారనిచ్చి ఆవ కలిపాను. ఒక్క ముద్దకే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అబ్బ, ముక్కుకెక్కింది! పెళ్లివంట మీదే. రుచి చూడ్డం మాత్రం ఈ పిల్లే."

ఆవిడ వెళ్లాక తిట్లకి సిద్ధమై నిలబడ్డాను. అత్త తిట్టలేదు. పీట వాల్చుకుని కూర్చుని ఓ ముద్ద కలుపుకుంది. మూడు నెలలుగా మందు మింగినట్టు అన్నం మింగుతున్న మనిషి.

"ఎలా ఉందో చెప్పవే."

"ముందు ఘాటు తగుల్తుందత్తా, ముక్కులోకి. ఆ వెనక చింతపండు పులుపు. ఉప్పు తెలిసీ తెలియకుండా ఉంది. జీడిపప్పు కసుక్కుమంటుంది. పొట్టు మెత్తనే గానీ జావ కాలేదు, పంటికింద పీచు తగుల్తోంది."

అత్త కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది.

"ఆఁ," అంది, "తెలుస్తోందే."