పధ్నాలుగు గీతలు

ఎనిమిది నెలల జోయెల్‌కి సాయంత్రం మూడో కునుకు పట్టించాలని నానమ్మ రాజకుమారి గంటసేపు ఉయ్యాల ఊపేది. వాడు నవ్వుతూ కాళ్లాడించేవాడు. ఎలాగో పడుకున్నాడా, రాత్రి పదింటిదాకా ఇంటిల్లిపాదికీ జాగారమే.

"రెండు వారాలుగా వాడు మొరాయించిన ప్రతి రోజూ క్యాలెండర్‌లో గీత గీస్తున్నానండీ అత్తయ్యగారూ. పధ్నాలుగయ్యాయి. ఇక రెండు కునుకులే. రాత్రి పెందలాడే పడుకోబెడదాం," అని కోడలు ఏంజెల్ సాయంత్రాలు ఉయ్యాల ఎత్తి కట్టేసింది.

రాజకుమారి మూతి ముడిచింది. వారం తిరిగేసరికి వాడు ఏడున్నరకే నిద్రపోతుంటే, క్యాలెండర్‌లో గీతలు తనూ ఓసారి లెక్కపెట్టి చూసుకుంది.

వాడికి పదమూడో నెల వచ్చింది. గణపవరం బడిలో మళ్లీ టీచరుగా చేరే తొందరలో ఉంది ఏంజెల్. వాడు రెండు రోజులు పొద్దుటి కునుకు మానగానే, "ఇక మధ్యాహ్నం ఒక్కటే చాలండీ," అంటూ ఉయ్యాల అందుకుంది.

రాజకుమారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "రెండు గీతలే కదమ్మా. మిగతా పన్నెండేవీ?"

మర్నాడు పొద్దున వాడు హాయిగా నిద్రపోయాడు.

పదహారో నెలలో పొద్దుటి కునుకు వద్దనే గీతలు పధ్నాలుగూ నిండాయి. ఈసారి ఏంజెల్‌కే బెంగ పట్టుకుంది.

"ఇంకో రెండు రోజులు చూద్దామా అండీ?"

"నిండాక చూసేదేముందే!" అంటూ రాజకుమారి ఉయ్యాల ఎత్తి తనే గట్టిగా ముడేసింది. "పద, మధ్యాహ్నం కునుకుకి ముందు వాడికి పెందలాడే అన్నం కలుపు."